డాక్టరుకీ పేషెంటుకీ మధ్య దుబాసీ

వాంతి వచ్చేలా ఉంటే ఫ్రెంచివాళ్లు "జే మాల్ ఓ కర్" అంటారు. మాల్ అంటే నొప్పి, కర్ అంటే గుండె. నాలుగు నెలలు ఫ్రెంచి క్లాసులకెళ్లి వచ్చినవాడు ఈ మాట విని డాక్టరు దగ్గర "గుండెల్లో నొప్పంటున్నారు సార్" అన్నాడంటే, కడుపు చెడిన మనిషిని ఈసీజీ గదికి తోలేస్తారు. నిజానికి ఆ మాటకర్థం వికారంగా ఉందని, కడుపులో తిప్పుతోందని. మనమేం తక్కువ తినలేదు. పులితేన్పులకి "గుండెల్లో మంట" అనే పేరు పెట్టుకున్నది మనమే.

అలాగని "వికారంగా ఉందట" అని చెప్పి చేతులు దులుపుకున్నా సరిపోదు. అరవై దాటిన మనిషికి, అందులోనూ ఆడవాళ్లకి, గుండెపోటు కొన్నిసార్లు ఛాతీ నొప్పి లేకుండా వికారం, చెమట, నీరసంతోనే మొదలవుతుంది. పని తెలిసిన దుబాసీ ఇలాంటి చోట రెండు ముక్కలు చెబుతాడు: "వికారమని అంటున్నారు. వాళ్ల భాషలో ఆ మాటలో గుండె అన్న పదం ఉంది కాబట్టి, ఛాతీ సంగతి మీరు విడిగా అడిగితే మంచిది." అనుమానం తీర్చాల్సింది డాక్టరు. అనుమానానికి చోటుందని బయటికి చెప్పాల్సింది మాత్రం దుబాసీయే.

రామప్ప ఆలయానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడి ఆలయాలు చూడటానికి వచ్చే విదేశీయుల్లో ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్ల వెంట వచ్చే గైడుకి కాకతీయుల శిల్పం గురించి గంటసేపు మాట్లాడటం వచ్చు. పేషెంటు పక్కన కూర్చుని విరేచనాల గురించి పది నిమిషాలు మాట్లాడాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు. అలాంటి ఒక పూటని దగ్గర్నుంచి చూద్దాం. ఈ కేసు ఏ ఒక్కరిదీ కాదు. ఇలాంటి ప్రయాణాల్లో ఎదురయ్యే చిక్కుల్ని ఒకచోట చేర్చి అల్లుకున్నది.

లియోన్ నుంచి వచ్చిన 64 ఏళ్ల రిటైర్డ్ టీచరు. హైదరాబాదులో రెండు రోజులుండి, పాలంపేట వెళ్లే దారిలో హనుమకొండలో రాత్రి బస. తెల్లవారుజాము నుంచి నీళ్ల విరేచనాలు, రెండు వాంతులు, ఒళ్లు కాలిపోతోంది. హైదరాబాదులో ఫ్రెంచి నేర్చుకున్న కుర్ర గైడు ఆవిడని దగ్గర్లోని ఓ నర్సింగ్ హోముకి తీసుకొచ్చాడు. గది దాటే ముందే అతను ఓ మంచి పని చేశాడు. "మేడమ్, మీరు వాడే మందులన్నీ పట్టుకురండి. డబ్బాలతో సహా" అన్నాడు. అక్కడ రెండు నిమిషాలు ఆగడం తర్వాత ఎంత కలిసొచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

డాక్టరు గది మామూలు గదే. ఓపీ రోజు, బయట ముప్పై మంది ఉన్నారు. డాక్టరుగారు సహజంగానే గైడు వైపు తిరిగి "ఆవిడకి ఎప్పటి నుంచి?" అనడిగారు. తప్పులు ఇక్కడే మొదలవుతాయి. గైడుకి జవాబు తెలుసు, ప్రొద్దున్నే విన్నాడు. "నిన్న రాత్రి నుంచి సార్, ఏదో తిన్నారు, పడలేదు" అని తనే చెప్పేయొచ్చు. అలా చెబితే పేషెంటు నోరు మూతపడుతుంది, ఆ "ఏదో" ఏంటో ఎప్పటికీ తేలదు. 2003లో అమెరికాలో ఓ పరిశోధన జరిగింది. స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లల్ని డాక్టరుకి చూపించిన 13 సందర్భాలని రికార్డు చేసి, దుబాసీల మాటని ముక్కముక్కగా పరిశీలించారు. మొత్తం 396 తప్పులు దొరికాయి. వాటిలో సగానికి పైగా, చెప్పిన మాటని చెప్పకుండా వదిలేయడమే. వైద్యం మీద ప్రభావం చూపగల తప్పులు నూటికి 63. తెలియని పదాన్ని తప్పుగా చెప్పడం కంటే, తెలిసిన మాటని "ఇదేం ముఖ్యంలే" అని మింగేయడమే ఎక్కువన్నమాట.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు ముందే ఓ ఒప్పందం చేసుకుంటారు. "ఈ గదిలో ఎవరేమన్నా రెండో వాళ్లకి చెబుతాను. నాకు అర్థంకానిది ఉంటే అడుగుతాను. నా సొంత మాటేదీ కలపను." ఆ తర్వాత పేషెంటు "నాకు చలేస్తోంది" అంటే దుబాసీ కూడా "నాకు చలేస్తోంది" అనే అంటాడు. "ఆవిడకి చలట" అనడు. వినడానికి మొదట వింతగా ఉంటుంది. నర్సు నవ్వుతుంది. రెండు నిమిషాల్లో అందరికీ అలవాటైపోతుంది, డాక్టరు చూపు పేషెంటు మీదికి మళ్లుతుంది.

"మోషన్స్ ఎన్నిసార్లయ్యాయి?" అని డాక్టరుగారి రెండో ప్రశ్న. మోషన్స్, లూజ్ మోషన్స్ అనేవి మన దేశపు ఇంగ్లీషు. వాటిని ఫ్రెంచామె నేరుగా వింటే కదలికల గురించి అడుగుతున్నారనుకుంటుంది. గైడు వాటిని ఫ్రెంచిలో మలానికి డాక్టర్లు వాడే "సెల్" అన్న మాటలోకి మార్చి అడిగాడు. ఆవిడ "చాలాసార్లు" అంది. "చాలాసార్లు" అన్నది డాక్టరుకి పనికొచ్చే జవాబు కాదు, కానీ దాన్ని అలాగే చెప్పాలి. మళ్లీ అడగాలో లేదో డాక్టరు ఇష్టం. డాక్టరుగారు అడిగారు: రోజులో మూడు కంటే ఎక్కువా, నీళ్లలా ఉందా, జిగట పడిందా, రక్తం కనిపించిందా, నల్లగా తారులా ఉందా. ఆవిడ మొహం ఎర్రబడింది. ఇలాంటి ప్రశ్నల్ని సున్నితం చేయాలని గైడుకి అనిపించడం సహజం. జిగటనీ రక్తాన్నీ కలిపేసి "ఏమైనా తేడాగా ఉందా" అని అడిగేస్తే సిగ్గు దక్కుతుంది, జబ్బు దక్కదు. ఒక్కో ప్రశ్నా విడివిడిగా వెళ్లింది. ఆరుసార్లు, నీళ్లలా, చివరి రెండుసార్లు కాస్త జిగట, రక్తం లేదు.

అప్పుడావిడ తనంతట తానే "సెతున్ గ్యాస్ట్రో" అని తీర్మానించింది. ఫ్రాన్సులో గ్యాస్ట్రో అంటే వాంతులూ విరేచనాలూ కలిసొచ్చే జబ్బు. మన దగ్గర గ్యాస్ట్రిక్ అంటే పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునే గ్యాసూ, మంటానూ. ఆవిడ మాటని గైడు "గ్యాస్ట్రో అంటున్నారు" అని వదిలేస్తే, డాక్టరు చెవిలో అది ఎసిడిటీగా పడే ప్రమాదముంది. "వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని ఆవిడ అనుకుంటున్నారు" అన్నాడు.

ఒకేలా వినిపించే మాట ఎంత పని చేయగలదో చెప్పడానికి వైద్య దుబాసీలకి పాఠంగా చెప్పే కేసొకటుంది. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాడు స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చాడు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం "ఇన్‌తోక్సికాదో" అంది. వాళ్ల వాడుకలో, తిన్నదేదో పడక ఒంట్లో బాగాలేదని దానర్థం. అక్కడ ఇంగ్లీషు మాట వినిపించి, డాక్టర్లు మత్తుమందు ఎక్కువైందనుకుని ఆ వైద్యం చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావమవుతోంది. అది తెలిసేసరికి ఆలస్యమైంది, కాళ్లూ చేతులూ పడిపోయాయి. పరిహారం సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్లకి తేలింది. ఆ రోజు ఎవరూ దుబాసీని పిలవలేదు. రెండువైపులా ఎంతో కొంత వచ్చు కదా, చాలనుకున్నారు.

హనుమకొండలో అలాంటి మాట ఒకటి ఎదురుకానే ఎదురైంది. పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే ఆవిడ "జే ద లా తాన్స్యోన్" అంది. టెన్షన్! తెలుగువాడి చెవికి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే మాట ఉంటుందా? "టెన్షన్ పడుతున్నారు సార్" అంటే, "ఏం భయం లేదని చెప్పు బాబూ" అని డాక్టరుగారు ముందుకెళ్లిపోయేవారు. ఫ్రెంచిలో తాన్స్యోన్ అంటే రక్తపోటు. ఉందన్నారంటే, బీపీ ఎక్కువన్నమాట. మాత్రలు వాడుతున్నారన్నమాట.

డబ్బా చూస్తే రామిప్రిల్, దాంతోపాటు నీరు తీసే మందు కలిసిన మాత్ర ఉంది. నర్సు బీపీ చూసి "98 బై 60 సార్" అంది. రోజూ ఎంత ఉంటుందని అడిగితే ఆవిడ "పద్నాలుగు, ఎనిమిది" అంది. ఫ్రాన్సులో బీపీని సెంటీమీటర్లలో చెబుతారు, పద్నాలుగు ఎనిమిదంటే మన 140 బై 80. ఆ అంకెతో పోలిస్తే ఇవాళ్టి 98 బాగా తక్కువ. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్నప్పుడు ఈ రెండు మందులూ రక్తపోటుని ఇంకా దించుతాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ మొదటే చెప్పిన మాటకి ఇప్పుడు లెక్క కుదిరింది. మూత్రం ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే, పొద్దుటి నుంచి ఒక్కసారే, ముదురు రంగులో. డాక్టరుగారు క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూసే రక్తపరీక్ష రాశారు. తిండీ నీళ్లూ మామూలుగా దిగేదాకా బీపీ మాత్ర ఆపమన్నారు.

ఆపమన్నారు సరే, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలి? ఆ మాట డాక్టరుగారు అనలేదు, పేషెంటూ అడగలేదు. దుబాసీకి సలహా చెప్పే హక్కు లేదు. కానీ "సార్, మళ్లీ మొదలెట్టే రోజు గురించి నేనేమీ వినలేదు, ఉంటే చెబుతారా" అని అడగడం హద్దు దాటడం కాదు. విరేచనాలు తగ్గి, తిండి మొదలైన ఒకట్రెండు రోజులకి, బీపీ చూపించుకున్నాక అని సమాధానం వచ్చింది.

జ్వరం దగ్గర ఇంకో అంకె తిప్పలు పెడుతుంది. ఇక్కడి థర్మామీటరు 101.3 చూపించింది. సెల్సియస్ తప్ప మరోటి ఎరగని మనిషికి నూటొక్కటి అని వినిపిస్తే గుండె జారుతుంది, అది నీళ్లు మరిగే వేడి. గైడు ఫోనులో లెక్క కట్టి 38.5 అని చెప్పాడు. అంకెలన్నీ కాగితం మీద రాసి చూపించడం మేలు. ఫ్రెంచి లెక్కలో డెబ్బైని అరవై పది అనీ, తొంభైని నాలుగిరవైల పది అనీ అంటారు. అలసిన చెవి ఎక్కడో ఒకచోట జారుతుంది.

ఇక "మందులేవైనా పడవా?" అన్న ప్రశ్న. మనకి "పడదు" అన్న ఒక్క మాటలో అన్నీ ఇమిడిపోతాయి. వంకాయ తింటే దురదపెట్టినా పడదే, మాత్ర వేసుకుంటే కడుపులో మండినా పడదే, ఊరి నీళ్లు మారితే జలుబు చేసినా పడదే. డాక్టరుకి కావాల్సింది వీటిలో ఒక్కటే, రోగనిరోధక వ్యవస్థ తిరగబడే అలర్జీ. గైడు అలెర్జీ అనే అడిగాడు. ఆవిడ "క్లామాక్సిల్" అంది. ఆ మందు పేరు గైడు ఎప్పుడూ వినలేదు, డాక్టరూ వినలేదు. అదో ఫ్రెంచి బ్రాండు. ఇలాంటప్పుడు వినబడిందేదో దగ్గరి పేరుగా మార్చి చెప్పడం ప్రమాదం. "ఈ పేరు నాకు తెలీదు, రాయించి చూపిస్తాను" అని రెండు భాషల్లోనూ అన్నాడు. ఆవిడ అక్షరాలు రాసింది, ఫోనులో వెదికితే అమాక్సిసిలిన్ అని తేలింది. బ్రాండు పేరు దేశం దాటితే చెల్లదు. అసలు మందుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే అంతర్జాతీయ నామం మాత్రం కొద్దిపాటి తేడాతో అన్నిచోట్లా ఒకటే.

"అప్పుడేమైంది?" అన్నారు డాక్టరుగారు. చిన్నప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయట. "పెదాలు వాచాయా? ఊపిరాడటం కష్టమైందా?" ఆవిడ "ఎదెమ్ ద కెంక్ రాలేదు" అంది. ఫ్రాన్సులో ఇది ఇళ్లల్లో వినబడే మాటే. మొహం, పెదాలు, నాలుక, గొంతు వాచిపోయే అలర్జీకి ఓ జర్మన్ డాక్టరు పేరు మీద వాళ్లు పెట్టుకున్న పేరది. దాన్ని ఉన్నదున్నట్టు పలికితే మన డాక్టరుకి ఏమీ అందదు. "మొహమూ గొంతూ వాచడం జరగలేదు" అన్నాడు గైడు. ఆ ఒక్క వాక్యంతో పెన్సిలిన్ జాతి మందులు పక్కకి పోయాయి, పాత అలర్జీ ఎంత తీవ్రమో కూడా కాగితానికెక్కింది.

తిండి అలర్జీ ఉన్నవాళ్లయితే మరో మెలిక ఉంటుంది. ఫ్రెంచిలో వేరుశనగకి ఒక మాట, జీడిపప్పు, బాదం, అక్రోట్లకి వేరే మాట. ఒకటి పడనివాళ్లకి రెండోది పడొచ్చు. మనం "నట్స్" అని కలిపేస్తే, నర్సింగ్ హోము క్యాంటీను ఉప్మాలో జీడిపప్పుందా, చట్నీలో పల్లీలున్నాయా అన్న ప్రశ్నకి సరైన జవాబు రాదు. ఈవిడకి ఆ బాధ లేదు.

మందుల సంచి ఇప్పుడు బల్ల మీదికొచ్చింది. అందులో ఇమోడియం ఉంది. అంటే లోపెరమైడ్, పేగుల కదలికని తగ్గించి విరేచనాన్ని ఆపే మందు. ఆవిడ తెల్లారేసరికే రెండు వేసుకుంది. డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. జ్వరమున్నప్పుడు, రక్తం పడుతున్నప్పుడు దీన్ని వాడకూడదంటారు, క్రిములు లోపలే ఉండిపోతాయి. రెండోది స్మెక్టా, ఫ్రెంచివాళ్ల ఇళ్లల్లో ఉండే మట్టిపొడి మందు. అది కడుపులో మిగతా మందుల్ని కూడా పట్టేసుకుంటుంది, అందుకని వాటికీ దీనికీ రెండు గంటల ఎడం కావాలి. మూడోది డోలిప్రాన్, 1000 మిల్లీగ్రాములది. రోజుకి మూడు వేసుకుంటానంది. అప్పటికే డాక్టరుగారు చీటీ మీద డోలో 650 అని రాసేశారు, రోజుకి మూడు. రెండూ పారాసిటమాలే. కలిపితే 4950 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకి రోజుకి హద్దు 4000. సంచి హోటల్లోనే ఉండిపోయుంటే ఈ లెక్క ఎవరూ వేసేవారు కాదు, కాలేయం వేసుకునేది. డోలో కొట్టేశారు.

చివరికి చీటీ మీద నిలిచినవి తక్కువే. అజిత్రోమైసిన్ 500, రోజుకొకటి, మూడు రోజులు. దక్షిణాసియాలో ప్రయాణికుల విరేచనాలకి కారణమయ్యే క్రిముల్లో చాలావాటికి సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు ఇప్పుడు సరిగా పనిచేయడం లేదు, అందుకే ఇది ముందుకొచ్చింది. పెన్సిలిన్ జాతి కాదు కాబట్టి పాత దద్దుర్ల భయమూ లేదు. వాంతికి ఒండాన్‌సెట్రాన్, పక్కన ఎస్ఓఎస్ అని ఉంది. మన డాక్టర్ల రాతలో అవసరమైతేనే వేసుకోమని దానర్థం. ఫ్రెంచామె కళ్లు ఆ మూడక్షరాల మీద ఆగిపోయాయి. వాళ్ల దేశంలో ఎస్ఓఎస్ మెద్‌సాన్ అంటే ఇంటికొచ్చి చూసే అత్యవసర డాక్టర్ల సర్వీసు. "నాకంత ప్రమాదంగా ఉందా?" అనడిగింది. ఆ ప్రశ్నని గైడు తనే నవ్వి తోసేయలేదు, డాక్టరుకి చెప్పాడు. డాక్టరుగారే నవ్వారు, అర్థం చెప్పారు.

మిగిలింది ఓఆర్ఎస్. ఇందులో తప్పు జరిగేది నీళ్ల కొలత దగ్గర. మామూలు ప్యాకెట్టు లీటరు నీళ్లకి సరిపడేది, 200 మిల్లీలీటర్లకి చిన్నవీ దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్టుని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కంటే కీడెక్కువ. లీటరు మంచినీళ్ల సీసాలో ఒక ప్యాకెట్టు, కొంచెం కొంచెంగా గుక్కలు, 24 గంటలు దాటితే పారబోయడం. మందుల షాపు కౌంటరు మీద పండ్ల రసం అట్టపెట్టెలు ఎదురైతే వాటి జోలికి పోవద్దని కూడా చెప్పాలి. ఆ మాట పేరులో పెట్టుకుని చక్కెర పానీయాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పేర్లు పెట్టడానికి వీల్లేదని ఆదేశించింది.

తిండి సంగతి అడిగితే డాక్టరుగారు "ఇడ్లీ, గంజి, పెరుగన్నం" అన్నారు. ఇవేంటో ఆవిడకి తెలియవు. ఆవిరి మీద ఉడికించిన మినప్పిండి, బియ్యం రొట్టె, పల్చటి అన్నం జావ, పెరుగు కలిపిన అన్నం అని గైడు వివరించాడు. పాలు తాగితే తనకి కడుపు ఉబ్బుతుందని ఆవిడ అప్పుడు చెప్పింది. అది కూడా డాక్టరుకి చేరింది. పెరుగన్నం పోయి ఇడ్లీ, గంజి మిగిలాయి.

బయటికి రాబోతూ డాక్టరుగారు "అర్థమైందా?" అన్నారు. ఆవిడ తలూపింది. తలూపడాన్ని నమ్మడం అనుభవమున్నవాళ్లు మానేసి చాలా కాలమైంది. "ఏ మందు ఎప్పుడు వేసుకుంటారో ఆవిడనే చెప్పమందామా సార్" అని గైడు అనుమతి అడిగాడు. ఆవిడ వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది, స్మెక్టా దగ్గర ఒకసారి తడబడింది, డాక్టరుగారు సరిదిద్దారు. మల రక్తం, ఆగని వాంతులు, మగత, మూత్రం బాగా తగ్గిపోవడం, రెండు రోజులకీ దిగని జ్వరం ఉంటే వెంటనే రావాలనీ, రాత్రివేళయితే 108కి ఫోన్ చేయించమనీ చెప్పారు. రక్తపరీక్ష ఫలితం సాయంత్రానికి వస్తుందన్నారు.

చీటీ వెనక పేజీలో గైడు మందుల అసలు పేర్లూ, మోతాదులూ, ఆపిన బీపీ మాత్ర పేరూ పెద్దక్షరాల్లో ఫ్రెంచిలో రాశాడు. డాక్టరుగారు దాన్ని చీటీతో సరిచూసి పక్కన సంతకం పెట్టారు. లియోన్ వెళ్లాక అక్కడి డాక్టరూ, బీమా కంపెనీ కూడా చూడబోయేది ఆ కాగితాన్నే.